ఖాతా ఫారం కౌంటరు దాటకముందే: ఖాళీ గడులు, సంతకాలు, నామినీ, చిరునామా ఎలా సరిచూడాలి

సేవింగ్స్ ఖాతా కోసం ఇచ్చిన కాగితపు ఫారం తిరిగి వచ్చిందంటే కారణం ఎక్కువసార్లు ఈ నాలుగింటిలోనే దొరుకుతుంది. ఒక గడి నింపకుండా వదిలేసి ఉంటారు, రెండు చోట్ల సంతకం రెండు రకాలుగా పడి ఉంటుంది, నామినీ భాగంలో కలమే పెట్టి ఉండరు, లేదా చిరునామాకు ఇచ్చిన కాగితం చెల్లదు. ఖాతాదారు ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు వీటిలో చాలావరకు అక్కడికక్కడే సరిచేయొచ్చు. ఆమె పరకాల బస్సెక్కి వెళ్లిపోయాక మాత్రం ఫోన్ చేసి పిలిపించాలి, ఆమె ఇంకో రోజు కూలి పోగొట్టుకుని రావాలి. ఈ మార్గదర్శి బ్రాంచిలో ఫారాలు తీసుకునేవారికి, బ్యాంకు మిత్రలకు, మహిళా సంఘాల్లో సభ్యుల తరఫున ఫారాలు నింపిపెట్టేవారికి ఉద్దేశించినది. ఒక్కరి పేరున తెరిచే ఖాతా వరకే ఇందులో చూద్దాం.

మొదట ఫారం పక్కన పెట్టి పత్రాలు చూడండి

ఫారం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడితే తప్పులు కళ్లకు ఆనవు. ఫారంలో రాసినదే నిజమని మనసు ముందే ఒప్పేసుకుంటుంది. అందుకని ముందు ఆధార్, పాన్, చిరునామాకు ఇచ్చిన కాగితం, మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పరచండి. ఒక చిత్తు కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: పేరు ఏ పత్రంలో ఎలా ఉంది, పుట్టిన తేదీ, చిరునామా, పాన్ కార్డు మీద సంతకం ఏ భాషలో ఉంది. ఆ తర్వాత ఫారం తెరిచి దాన్ని ఈ చిత్తుకాగితంతో పోల్చండి.

మన దగ్గర పేరు దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో ఇంటిపేరు వెనక, ఓటరు కార్డులో ఒక్క పొడి అక్షరం. వరుస మారినంత మాత్రాన మనిషి మారినట్టు కాదు. కానీ ఒకదాంట్లో పుట్టింటి పేరు, ఇంకోదాంట్లో అత్తింటి పేరు ఉంటే అది నిజమైన తేడాయే. పెళ్లి తర్వాత పేరు మారినవారి పాత గుర్తింపు పత్రం కూడా చెల్లుతుంది. అయితే దానికి తోడు ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువీకరణ పత్రమో, గెజిట్ ప్రకటనో ఉండాలి. శుభలేఖ, పెళ్లి ఫొటో ఆ పనికి రావు. ధ్రువీకరణ పత్రం లేనివారికి చెప్పదగిన సలహా ఒక్కటే: ఆధార్‌లోనూ పాన్‌లోనూ ఉన్న పేరుతోనే ఖాతా తెరవండి. రెండూ మార్చుకున్నాక బ్యాంకులో మార్చుకోవచ్చు.

పుట్టిన తేదీ విషయంలో, ఊళ్లల్లో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 పడి ఉంటుంది. పాన్‌లో బడి సర్టిఫికెట్ ప్రకారం వేరే తేదీ ఉండొచ్చు. ఫారం నింపినవారు ఈ రెండూ కాక, నోటితో చెప్పిన మూడో తేదీ రాస్తారు. అది మాత్రం ఉండకూడదు. రెండు పత్రాల్లోనూ తేదీ వేరుగా ఉంటే ముందు ఒకదాన్ని సరిచేయించుకోమని అప్పుడే చెప్పాలి.

ఖాళీ గడులు: వదిలేసినవి, వర్తించనివి

ఖాళీ గడి రెండు రకాలు. ఒకటి ఆ మనిషికి సంబంధం లేనిది, పెళ్లికాని అమ్మాయి ఫారంలో భర్త పేరు లాంటిది. రెండోది నింపాల్సి ఉండి వదిలేసినది. మీకు తేడా తెలుస్తుంది, ఎక్కడో కేంద్రంలో స్కాన్ చేసిన బొమ్మ చూసి వివరాలు ఎక్కించేవారికి తెలియదు. కాబట్టి సంబంధం లేని ప్రతి గడిలో ఖాతాదారు చేతే ‘వర్తించదు’ అని రాయించండి, లేదా అడ్డగీత గీయించండి.

ఎక్కువగా వదిలేసే గడులు ఇవి: తల్లి పేరు, వైవాహిక స్థితి, వృత్తి, ఏడాది ఆదాయం, రాజకీయంగా ఉన్నత పదవుల్లో ఉన్నవారా కాదా అనే డిక్లరేషన్, పన్ను లెక్కలో ఏ దేశ నివాసి అనే డిక్లరేషన్, చివర తేదీ, ఊరు. ఆదాయం గడి గృహిణుల ఫారాల్లో దాదాపు ఖాళీగానే వస్తుంది. ఇంట్లో కుట్టుపనో బీడీ పనో ఉన్నా ‘నాదేం సంపాదన’ అని వదిలేస్తారు. అలా కాదు, ఏడాదికి ఎంత వస్తుందో అడిగి ఆమె చెప్పినదే రాయాలి, లేదా ఫారంలో ఆదాయ శ్రేణులు ఇచ్చి ఉంటే సరైనదాని ఎదుట టిక్కు పెట్టించాలి. తర్వాత ఖాతాలో పెద్ద మొత్తం పడినప్పుడు, ఆ ఖాతాకు అది సహజమేనా అని బ్యాంకు చూసేది ఈ వృత్తి, ఆదాయం గడులతోనే. అక్కడ ఏమీ లేకపోతే ఆమె సొంత చిట్టీ డబ్బు పడినా ప్రశ్న వస్తుంది.

పాన్ గడి ఖాళీగా ఉంటే పాన్ లేదన్నమాట. అప్పుడు దానికి బదులు ఇచ్చే డిక్లరేషన్, అందరం ఫారం 60 అని పిలిచేది, విడిగా నింపి సంతకం చేసి జతపరచాలి. పాన్ గడి ఖాళీ, ఆ డిక్లరేషన్ కూడా లేదు అంటే ఫారం ముందుకు కదలదు. ఇక్కడ ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. పాన్ ఉన్నవారు కార్డు ఇంట్లో మరిచిపోయి వచ్చి డిక్లరేషన్ ఇచ్చేస్తారు. అది తప్పుడు ప్రకటన అవుతుంది. కార్డు తెచ్చేదాకా ఆగడమే మేలు.

మొబైల్ నంబరు గడి ఖాళీగా వచ్చేది తక్కువ, పరాయి నంబరుతో వచ్చేది ఎక్కువ. ఫారం నింపిపెట్టిన దుకాణం వారిది, తోడు వచ్చిన మరిదిది, ఎవరిదో ఒకరిది రాసేస్తారు. ఖాతాకు వచ్చే ఓటీపీలన్నీ ఆ నంబరుకే పోతాయి కదా. ఫారం మీద ఉన్న నంబరుకు అక్కడే ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి. ఎవరి చేతిలో మోగిందో చూడండి.

సేవల పట్టికలో ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు, మొబైల్ బ్యాంకింగ్ పక్కన గడులు కూడా అంతే. టిక్కు లేని గడిని ఖాళీగా వదిలితే తర్వాత ఎవరైనా టిక్కు పెట్టొచ్చు. అక్కర్లేని సేవలను కొట్టివేయించండి. ఒక నియమం మాత్రం ఎంత రద్దీలోనూ సడలించకూడదు: ఖాతాదారు సంతకం చేసి వెళ్లిపోయాక ఆమె ఫారంలో ఒక్క అక్షరం కూడా మీరు నింపకూడదు. ‘తల్లి పేరే కదా, ఆధార్ చూసి రాసేద్దాం’ అనిపిస్తుంది. ఆ సంతకం మీరు నింపకముందు ఉన్న ఫారానికి చేసినది. రేపు వివాదం వస్తే రెండు రకాల చేతిరాతకు జవాబు చెప్పాల్సింది మీరే.

తప్పు రాసిన చోట ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, ఖాతాదారు పూర్తి సంతకం చేయాలి. వైట్‌నర్ పూసిన ఫారం తీసుకోవద్దు. స్కాన్‌లో కింద ఏముందో కనిపించదు, కాబట్టి తిప్పి పంపుతారు.

సంతకం: ఎక్కడ, దేంతో పోల్చాలి

ఒక ఫారంలో సంతకాలు నాలుగైదు చోట్ల ఉంటాయి. ఫొటో మీద అడ్డంగా ఒకటి, డిక్లరేషన్ కింద ఒకటి, నామినేషన్ భాగంలో ఒకటి, నమూనా సంతకం గడిలో ఒకటి రెండు. పాన్ లేకపోతే ఆ డిక్లరేషన్ మీద మరొకటి. వీటన్నింటికీ కొలబద్ద నమూనా గడిలోదే. తర్వాత చెక్కు వచ్చినా, డబ్బు తీసే కాగితం వచ్చినా తెర మీద తెరిచి చూసేది దాన్నే. కాబట్టి ముందు నమూనా సంతకాన్ని చూసి, మిగతావాటిని దానితో పోల్చండి.

ఫొటో మీది సంతకంతో ఎప్పుడూ పోలిక మొదలుపెట్టకండి. సగం నున్నటి ఫొటో మీద, సగం కాగితం మీద పడుతుంది. కలం జారుతుంది, సిరా పులుముకుంటుంది. ఎంత స్థిరమైన చేయి అయినా అక్కడ వంకరపోతుంది. అది ఖాతాదారు చేసినట్టు కనిపిస్తే చాలు.

మిగతా చోట్ల చూడాల్సిన క్రమం ఇది. మొదట భాష: తెలుగా, ఇంగ్లీషా. తర్వాత పొడి అక్షరం ఉందా లేదా. ఆ తర్వాత మొదటి అక్షరం ఎక్కడ మొదలైంది, చివరి అక్షరం కింద గీత ఎటు లాగింది. ఆఖరున కలం ఎక్కడెక్కడ ఎత్తారు. ఒకే మనిషి చేసిన రెండు సంతకాలు అచ్చుగుద్దినట్టు ఉండవు. పొడవు కాస్త పెరుగుతుంది, వాలు కాస్త మారుతుంది. అది సహజం. కానీ మొదటి అక్షరం పైనుంచి మొదలయ్యే చేయి ఇంకోచోట కిందినుంచి మొదలుపెట్టదు. గీతలు వణికి, మధ్యలో సిరా చుక్కలు ఆగి ఆగి కనిపిస్తే ఎవరో చూసి గీసినట్టు అనుమానించాలి. రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే పూర్తిగా కలిసిపోయినా అంతే అనుమానించాలి.

మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే తేడా దొంగ సంతకం కాదు, రెండు భాషల సంతకం. బడిలో నేర్చుకున్న తెలుగు సంతకం ఒకటి, ఫారం ఇంగ్లీషులో ఉంది కదా అని కష్టపడి పెట్టిన ఇంగ్లీషు సంతకం ఇంకోటి. ఏది ఉంచుకోవాలో ఖాతాదారే నిర్ణయించుకోవాలి, కానీ మీరు ఒక మాట చెప్పొచ్చు: చూడకుండా, ఆలోచించకుండా చేయగలిగిన సంతకమే ఉంచుకోమనండి. పాన్ మీద తెలుగులో ఉంటే తెలుగే సుఖం. తెలుగు సంతకం చెల్లదనేది అపోహ మాత్రమే. ఫారం ఇంగ్లీషులో ఉండి సంతకం తెలుగులో ఉంటే, వివరాలు తెలుగులో చదివి వినిపించామనే వాక్యం మీద సంతకం కొన్ని బ్యాంకులు అడుగుతాయి. మీ ఫారంలో ఆ భాగం ఉంటే ఖాళీగా వదలకండి.

నమూనా గడిలో దిద్దుబాటు పనికిరాదు. గీత దాటినా, కొట్టేసి మళ్లీ చేసినా, పక్కన ముద్ర వచ్చి సంతకం మీద పడినా కొత్త నమూనా సంతకం కార్డు ఇవ్వండి. స్కాన్ చేసేటప్పుడు గడి వరకే కత్తిరించి తీసుకుంటారు. గడి బయటకు పోయిన తోక తెర మీద ఉండదు. ఏడాది తర్వాత ఆమె చెక్కు మీద తోకతో సహా సంతకం చేస్తే ‘కలవలేదు’ అని తిరిగొస్తుంది. నల్ల సిరా వాడమనండి, స్కాన్‌లో స్పష్టంగా వస్తుంది. నమూనా కార్డును ‘ఇంటికి తీసుకెళ్లి సంతకం చేయించుకొస్తాం’ అంటే ఇవ్వకండి. ఆ సంతకం మీ కళ్ల ముందు పడాలి.

సంతకం రానివారి నిశాని విషయంలో ఏ చేయి, ఏ వేలు అనేది పక్కన రాయాలి, ఆ ముద్ర వేసినవారి పేరు రాయాలి. ముద్ర గీతలు కనిపించేలా సిరా పలచగా పూయాలి. నల్లటి మచ్చలా పడితే అది ముద్ర కింద లెక్క కాదు, ఇంకోసారి వేయించండి. నామినేషన్ మీద నిశాని వేస్తే ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. సంతకం చేసే ఖాతాదారుకైతే సాక్షులు అక్కర్లేదు. ఈ రెండూ తారుమారు చేసి, సంతకం వచ్చినవారిని ‘సాక్షుల్ని తీసుకురా’ అని తిప్పి పంపడం జరుగుతుంటుంది. అది అనవసరం.

నామినీ: ఖాళీ అంటే ‘వద్దు’ అని కాదు

మిగతా తప్పులు ఇవాళే ఫారాన్ని ఆపేస్తాయి. నామినీ లేని ఫారం మాత్రం సాఫీగా వెళ్లిపోతుంది, అసలు ఇబ్బంది ఖాతాదారు పోయాక కుటుంబానికి వస్తుంది. అందుకే నింపిపెట్టేవారు ఈ భాగాన్ని తేలిగ్గా తీసుకుని ‘నామినీ వద్దు’ పక్కన టిక్కు పెట్టేస్తారు, ఖాతాదారును అడగనైనా అడగరు. ఆ టిక్కు కనిపిస్తే ఆమెనే అడగండి: ‘అమ్మా, మీ తర్వాత ఈ పైసలు ఎవరికి అందాలి?’ చాలామంది వెంటనే పేరు చెప్తారు.

నిజంగానే వద్దంటే, వద్దని రాతపూర్వకంగా తీసుకోవాలి. అలా రాసివ్వడానికీ ఒప్పుకోకపోతే ఆ సంగతిని బ్యాంకే రికార్డులో రాసుకోవాలి. నామినీ పెట్టలేదనే ఒక్క కారణంతో ఖాతా తెరవం అనకూడదు.

2025 నవంబర్ 1 నుంచి నియమం మారింది. డిపాజిట్ ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవాలి. అందరికీ ఒకేసారి వాటాలుగా ఇవ్వడం ఒకటి, అప్పుడు ఎవరికి ఎంత శాతమో రాయాలి, మొత్తం సరిగ్గా 100 రావాలి. ఒకరి తర్వాత ఒకరు అనే వరుస రెండోది, అప్పుడు శాతాలు ఉండవు, వరుస సంఖ్య ఉంటుంది. ముగ్గురు పిల్లలకు సమానంగా అని 33, 33, 33 రాస్తే 99 అవుతుంది, ఫారం తిరిగొస్తుంది. 34, 33, 33 అని ఖాతాదారే తేల్చాలి. పాత అచ్చు ఫారాల్లో ఒక్క నామినీకే గడి ఉంటుంది. ఒకరికంటే ఎక్కువ కావాలంటే మార్జిన్‌లో ఇరికించి రాయకండి, కొత్త నామినేషన్ ఫారం అడగండి.

నామినీ పేరు స్థానంలో ‘పిల్లలు’ అని, ‘భర్త’ అని ఒక్క మాట రాయడం చెల్లదు. మనిషి పేరు, బంధుత్వం, వయసు, చిరునామా ఉండాలి. గుడి, ట్రస్టు, సంఘం నామినీ కాలేవు, మనుషులే కావాలి. నామినీ మైనర్ అయితే పుట్టిన తేదీతో పాటు, మైనారిటీ తీరేదాకా ఆ పిల్లవాడి తరఫున డబ్బు తీసుకునే పెద్దవారి పేరు, చిరునామా రాయాలి. ఈ భాగం ఖాళీగా ఉండటం చాలా సాధారణం. పిల్లవాడి పేరు ఉంది, తీసుకునేవారు లేరు అంటే నామినేషన్ సగమే అయినట్టు.

ఒక సంగతి ఖాతాదారుకు విడమరిచి చెప్పండి. నామినీ డబ్బు తీసుకునే మనిషి, అంతమాత్రాన ఆస్తికి యజమాని కాదు. చట్టబద్ధ వారసుల హక్కు అలాగే ఉంటుంది. ఈ ఒక్క మాటతో ‘కొడుకు పేరు రాస్తే కూతురు ఊరుకోదు’ అనే భయం చాలావరకు తగ్గుతుంది.

నామినేషన్ నమోదు చేశాక రసీదు ఇవ్వాలి. పాస్‌బుక్కు మీద నామినేషన్ నమోదైందనే గుర్తు పడిందో లేదో ఖాతాదారునే చూసుకోమనండి.

చిరునామా: సగమే సరిపోయే కాగితాలు

ఎక్కువ సమయం పోయేది ఇక్కడే. పూర్తి స్థాయిలో చెల్లే పత్రాల జాబితా చిన్నది: పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, ఆధార్, రాష్ట్ర ప్రభుత్వ అధికారి సంతకం ఉన్న ఉపాధి హామీ జాబ్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టరు లేఖ. వీటిలో ఏదో ఒకటి ఇప్పటి చిరునామాతో ఉంటే కథ అక్కడితో ముగిసింది. రేషన్ కార్డు ఈ జాబితాలో లేదు. సర్పంచి రాసిచ్చిన లేఖా లేదు.

పత్రం మీద పాత చిరునామా ఉంటే, ఇప్పటి చిరునామాకు కొన్ని కాగితాలను తాత్కాలికంగా ఒప్పుకుంటారు. కరెంటు, నీళ్లు, టెలిఫోన్, పోస్ట్‌పెయిడ్ మొబైల్, పైపు గ్యాసు బిల్లు రెండు నెలలు దాటనిది. ఇంటి పన్ను రసీదు. చిరునామా ఉన్న పెన్షన్ ఆర్డరు. ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు వంటివి ఇచ్చిన క్వార్టరు కేటాయింపు లేఖ. కాజీపేట రైల్వే క్వార్టర్లలో, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలో ఉండేవారికి ఈ చివరిది బాగా అక్కరకొస్తుంది. అయితే ఇవి శాశ్వతంగా చెల్లవు. ఈ కాగితం ఇచ్చిన మూడు నెలల్లోపు కొత్త చిరునామాతో అసలు పత్రం ఇవ్వాలి. ఆ గడువును రిజిస్టరులో రాసుకోకపోతే ఎవరికీ గుర్తుండదు.

ఈ జాబితా దగ్గర జరిగే తప్పులు అన్నీ చిన్నచిన్నవే. గ్యాసు సిలిండరు రసీదు తెస్తారు, జాబితాలో ఉన్నది పైపు గ్యాసు. ప్రీపెయిడ్ రీచార్జి రసీదు తెస్తారు, కావాల్సింది పోస్ట్‌పెయిడ్ బిల్లు. ఇంటి యజమానితో రాసుకున్న కిరాయి కాగితం తెస్తారు, అది ఈ జాబితాలో లేదు.

కరెంటు బిల్లు కాస్త జాగ్రత్తగా చూడాలి. హనుమకొండ కేంద్రంగా ఉన్న టీజీఎన్‌పీడీసీఎల్ మీటరు రీడరు చేతి మిషన్ నుంచి తీసిచ్చే ఆ పొడుగు చీటీలో మూడు సంగతులు చూడండి. బిల్లు తేదీ మొదటిది, కట్టాల్సిన గడువు తేదీ కాదు. పేరు రెండోది. కిరాయి ఇంట్లో ఉండేవారికి ఆ పేరు యజమానిది, లేదా యజమాని తండ్రిది. అది కిరాయిదారు చిరునామాకు రుజువు కాదు. మూడోది ఇంటి నంబరు, అది బిల్లు మీద స్పష్టంగా ఉందో లేదో. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడేవారికి వచ్చే జీరో బిల్లు కూడా బిల్లే, డబ్బు సున్నా ఉందని పక్కన పెట్టొద్దు. ఆ కాగితం మీద అచ్చు వేడికి, ఎండకు వెలిసిపోతుంది. కాబట్టి జిరాక్స్ మీద తేదీ చదవడానికి వస్తోందా చూసి తీసుకోండి.

జిల్లా పేర్ల గందరగోళం ఉమ్మడి వరంగల్‌కు ప్రత్యేకం. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది, కొన్ని మండలాలు అటూ ఇటూ మారాయి. పరకాల మండలాన్నే తీసుకుంటే, 2016కు ముందు తీసిన ఆధార్‌లో వరంగల్, ఆ తర్వాతి దాంట్లో వరంగల్ రూరల్, ఇప్పుడు హనుమకొండ. ఇల్లు కదల్లేదు, జిల్లా పేరే మారింది. ఇంకా పాతదైతే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. ఇంటి నంబరు, ఊరు, మండలం, పిన్‌కోడ్ కలిస్తే అది చిరునామా తేడా కాదు. దీనికోసం మనిషిని వెనక్కి పంపనక్కర్లేదు. ఫారంలో ఇప్పటి జిల్లా పేరు రాయించి, పాత పేరు ఎందుకుందో ఒక్క వాక్యం అంటించండి. అలాగని ‘అర్బన్ అంటే హనుమకొండ’ అని గుడ్డిగా మార్చకండి. ఖిలా వరంగల్ మండలం ఒకప్పుడు అర్బన్‌లో ఉండేది, ఇప్పుడు వరంగల్ జిల్లాలో ఉంది. మండలం పేరు చూసి జిల్లా రాయండి.

వేలిముద్రతో ఆధార్ ఈ-కేవైసీ చేసే బ్రాంచిలో దారి సులువు. ఆధార్‌లో ఉన్నది పాత చిరునామా అయితే, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో ఖాతాదారు సొంతంగా రాసిచ్చే డిక్లరేషన్ సరిపోతుంది. జిరాక్స్ ఇచ్చి ఖాతా తెరిచేటప్పుడు ఈ వెసులుబాటు లేదు. రెండు దారుల్ని కలిపేసి, జిరాక్స్ దారిలో సొంత డిక్లరేషన్ తీసుకోవడం తిప్పి పంపించుకునే పని.

ఒక ఫారం మొదటి నుంచి చివరిదాకా

ఇది నమూనా మాత్రమే. స్వరూప అనే ఆమె ఫారం 2025 నవంబర్ 18 తేదీతో వచ్చిందనుకుందాం. పుట్టిల్లు పరకాల మండలం, పెళ్లయ్యాక హనుమకొండ నయీంనగర్‌లో కిరాయికి ఉంటోంది, ఇంట్లో కుట్టుపని చేస్తుంది.

పత్రాలు పరిస్తే: ఆధార్‌లో ‘కంది స్వరూప’, పరకాల మండలంలో పుట్టింటి చిరునామా, జిల్లా వరంగల్. పాన్‌లో ‘స్వరూప కంది’, సంతకం తెలుగులో. చిరునామాకు ఇచ్చినది సెప్టెంబర్ 9 తేదీ కరెంటు బిల్లు, ఇంటి యజమాని పేరు మీద.

ఫారంలో పేరు ‘గాజుల స్వరూప’ అని ఉంది. అత్తింటి పేరు. వివాహ ధ్రువీకరణ పత్రం ఉందా అని అడగాలి. లేదంటే ‘కంది స్వరూప’ పేరుతోనే తెరవాలి. పేరు మొదటి పేజీలోనే తప్పయింది కాబట్టి కొట్టివేతలు పెట్టుకోకుండా కొత్త ఫారం ఇవ్వడం మంచిది. మిగతా తప్పులు కూడా అందులోనే సర్దుకుంటాయి.

పాత ఫారం చింపకముందే మిగతావి చూసేయండి. వృత్తి ‘గృహిణి’, ఆదాయం ఖాళీ. కుట్టుపని అని, ఏడాదికి వచ్చేది ఎంతో ఆమె నోట విని రాయాలి. సంతకాలు: డిక్లరేషన్ కింద తెలుగులో ‘స్వరూప’, నమూనా గడిలో ఇంగ్లీషులో, ముందు ‘జి’ అక్షరంతో. ఆ ‘జి’ అత్తింటి పేరు. పేరు మారినప్పుడు అదీ పోతుంది. పాన్ మీద ఉన్నట్టే తెలుగులో అన్నిచోట్లా చేయమనండి, నమూనా కార్డు కొత్తది.

నామినీ ‘వద్దు’ టిక్కు ఉంది. అడిగితే ఏడేళ్ల కొడుకు పేరు చెప్పింది. పిల్లవాడి పుట్టిన తేదీ రాయించి, అతని తరఫున తీసుకునేవారిగా భర్త పేరు, చిరునామా రాయించాలి. ఆమె సంతకం చేస్తుంది కాబట్టి సాక్షులు అక్కర్లేదు.

ఇక చిరునామా. జిల్లా పేరు సంగతి పైన చెప్పుకున్నదే, తప్పు కాదు. కరెంటు బిల్లుకు రెండు అడ్డంకులు: పేరు ఆమెది కాదు, సెప్టెంబర్ 9 నుంచి లెక్కిస్తే నవంబర్ 9కే రెండు నెలలు నిండాయి. ‘ఈ నెల బిల్లు తీసుకురా’ అంటే రెండో అడ్డంకే తీరుతుంది, మొదటిది అలాగే ఉంటుంది. ఆమెను మళ్లీ తిప్పినట్టే. ఆ బిల్లును పక్కన పెట్టి ఈ-కేవైసీ చేయండి. వేలిముద్ర పడితే నయీంనగర్ చిరునామాకు ఆమె సొంత డిక్లరేషన్ తీసుకుంటే చాలు.

సూదిపనితో, బీడీ పనితో వేళ్లు అరిగి ముద్ర పడని సందర్భాలు ఉంటాయి. అప్పుడు వేళ్లు మార్చి, చేయి కడుక్కుని తుడుచుకొమ్మని మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే ఆధార్ జిరాక్స్ దారే మిగులుతుంది. ఆ దారిలో ఆమె పేరున ఇప్పటి చిరునామా కాగితం ఏదీ లేదు. భర్త ఆధార్‌లో నయీంనగర్ చిరునామా ఉంటే, కుటుంబ పెద్ద ఆధారంగా ఆమె ఆధార్ చిరునామా మార్చుకోమని పంపాలి. ఆ మార్పు వచ్చాకే ఫారం తీసుకోవాలి. పుట్టింటి చిరునామాతో తెరిచేద్దాం అనుకోవద్దు. ఏటీఎం కార్డు పరకాల మండలానికి పోతుంది, తీసుకునేవారు లేక తిరిగొస్తుంది.

పంపేముందు

తిప్పి ఇవ్వాల్సి వస్తే లోపాలన్నీ ఒకే చీటీ మీద ఒకేసారి రాసివ్వండి. ఒక లోపం చెప్పి పంపి, వచ్చాక రెండోది చెప్పడం ఖాతాదారుకు మహా విసుగు. చీటీ మీద ‘చిరునామా ప్రూఫ్ సరిలేదు’ అని కాకుండా, ‘కరెంటు బిల్లు మీ పేరున లేదు, వేరే పత్రం కావాలి’ అని రాయండి.

అన్నీ కుదిరితే ప్రతి జిరాక్స్‌ను అసలు పత్రంతో పోల్చి, పోల్చినట్టు రాసి, మీ పేరు, ఉద్యోగి సంఖ్య, తేదీతో సంతకం చేయండి. సంతకం ఉన్నా తేదీ లేని ధ్రువీకరణ కూడా తిరిగొస్తుంది. ఆధార్ జిరాక్స్ ఇచ్చిన చోట మొదటి 8 అంకెలు నల్లగా కొట్టించి, చివరి 4 మాత్రం కనిపించేలా ఉంచండి. ఒకవైపు కొట్టేసి, వెనకవైపు ఉన్న నంబరు మరిచిపోతుంటారు, రెండు వైపులా చూడండి. తాత్కాలిక చిరునామా కాగితంతో తెరిచిన ఖాతా అయితే మూడు నెలల గడువు తేదీని రిజిస్టరులో ఎర్ర సిరాతో వేసి, ఆ తేదీని ఖాతాదారు పాస్‌బుక్కు లోపలి అట్ట మీద కూడా పెన్సిలుతో రాసి ఇవ్వండి.